టక్కు ఆగిన రోజు

నా ఎడమ చెవి ముందు, వేలెడు దూరంలో, ఒక టక్కు రెండున్నరేళ్ళు కాపురం ఉంది. నోరు పెద్దగా తెరిస్తే టక్. మూస్తే ఇంకాస్త నెమ్మదిగా ఇంకో టక్. నాతో అంతకంటే ఎక్కువకాలం కాపురం చేసిన మనిషి ఒక్కతే, పధ్నాలుగేళ్ళు. ఆవిడ కూడా చివరికి తలుపు టక్కున వేసుకునే వెళ్ళింది. కోపంతో కాదు. "నీతో మాట్లాడాలంటే నాకు వంతు రాదయ్యా" అని ఒక్క మాట అంది. ఆ మాటకి సరిపడా చమత్కారం నేను వెతుక్కునే లోపల మెట్లు దిగిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో వంతులన్నీ నావే.

టక్కు నొప్పి పెట్టేది కాదు. నిజం చెప్పాలంటే తోడుండేది. మా భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు. ఒకదాని మీద నేను, మూడింటి మీద మడతపెట్టని బట్టలు. ఆపిల్ కొరికితే టక్. ఆవులిస్తే టక్. నా జోకుకి నేనే నవ్వుకుంటే, అప్పుడూ టక్. నా జోకులకి క్రమం తప్పకుండా బదులు పలికిన శ్రోత ఈ భూమ్మీద అదొక్కటే.

నా పని చదవడం. జనం చెవుల్లో పెట్టుకుని వినడానికి పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. కార్డు మీద గొప్పగా 'వాచకుడు' అని వేయించుకున్నాను. వాచకుడి దవడ వాయలేదు గానీ, వాయిద్యమైంది.

మా రికార్డింగు గది బట్టల బీరువా కంటే కాస్త పెద్దది. గోడలకి స్పాంజి, ఒక కుర్చీ, కిర్రుమనకుండా దానికింద తివాచీ ముక్క, ఒక మైకు. ఎదురుగా గాజు. గాజుకి అవతల సౌండింజనీరు. ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. హెడ్‌ఫోన్లు తీసి ఉండగా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. ఎర్ర లైటు వెలిగిందంటే ఆయన మీట నొక్కాడని, నాతో మాట్లాడబోతున్నాడని అర్థం. పన్నెండేళ్ళ పరిచయంలో ఆయన నాతో మాట్లాడిన మాటలు మూడు: చదవండి. మళ్ళీ. నీళ్ళు తాగండి. నోట్లో నువ్వుగింజ నానని నాకు, నోట్లో నేరేడు చెట్టు మొలిచినా చెప్పని ఆయన జోడీ. అయినా రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే కాబట్టి, ఆ మూడు మాటల కోసం నేను అరగంట ముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి.

అప్పుడు మేం రికార్డు చేస్తున్నది మూడు సంపుటాల నవల. ఒకే బల్ల చుట్టూ పదకొండుమంది కుటుంబం. నానమ్మ, ఆవిడ కొడుకులు, కోడళ్ళు, మనవలు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ వినరు, అన్నం చల్లారిపోతుంది. ఆ పదకొండుమందీ నేనే. పెద్దకొడుకుకి నోరంతా తెరిచి బొంగురు గొంతు, చిన్నకోడలికి ముక్కుతో మాట, పళ్ళు లేని నానమ్మకి పెదాల మధ్య నలిగిన మాట. పొద్దున పది నుంచి రెండింటిదాకా నాకు నిండైన కుటుంబం. రెండింటికి మైకు ఆపగానే పదకొండుమందీ ఒక్కసారే లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

టక్కుని మైకు పట్టేసింది. చెవి ముందున్న చప్పుడు కదా, మూతి ముందున్న మైకుకి వినపడదనుకున్నాను. చెవులాయనకి వినపడింది. పెద్దకొడుకు నోరు తెరిచి అరిచిన ప్రతిచోటా ఒక టక్కు. ఆయన ఒక్కొక్కటీ కత్తిరించి, రోజు, నిమిషం, సెకను ఒక కాగితం మీద రాసుకునేవాడు.

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. దవడ బిగుసుకుందనుకుని, నాకు గొంతు నేర్పిన మాస్టారి మందు బయటికి తీశాను. సీసా బిరడా. ముందుపళ్ళ మధ్య బిరడా ఇరికించి, దాన్ని కొరికి పట్టుకుని ఒక పేజీ స్పష్టంగా చదవాలి. తర్వాత బిరడా తీసేస్తే మాట ముత్యంలా వస్తుందని మా విద్య. మా వృత్తిలో ఇది తాతలనాటి ముచ్చట. మాస్టారు చెప్పింది రెండు నిమిషాలు. నేను అరగంట చేశాను. టక్కు పెరిగితే బిరడా సైజు పెంచాను. తర్వాత కొన్నాళ్ళకి చదువుతూ చదువుతూ నోరు మధ్యలో ఆగిపోయేది. దవడని అటూ ఇటూ ఆడిస్తే వదిలేది. చెవులాయన కాగితంలో ఆ చోట్ల 'ఆగారు' అని రాశాడని నాకు అప్పుడు తెలియదు.

ఒక సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటూ గమనించాను. టక్కు లేదు. నోరు తెరిచాను, మూశాను. నిశ్శబ్దం. చెవి ముందు కాస్త నొప్పి, నోరు కొంచెం బిర్రుగా ఉంది. బిరడా వ్యాయామం ఎక్కువైందిలే అనుకున్నాను. రెండున్నరేళ్ళ వ్యాధి, ఒక్క బిరడాతో బిరబిరా పోయింది. రొట్టె కొరకబోతే నోట్లోకి పోలేదు. చింపుకుని తిన్నాను. తినేటప్పుడు బల్ల దగ్గర ఏదో వెలితి. నవ్వుకోవడానికి ఒక జోకు వేసుకున్నాను. ఎవరూ పలకలేదు.

ఆ రోజు మూడు పేజీలు చదివి, గాజులోంచి చెవులాయన వైపు గర్వంగా చూశాను.

"గమనించారా? టక్కు లేదు."

ఎర్ర లైటు వెలిగింది.

"లేదు," అన్నాడాయన. "'ఆ' కూడా లేదు."

రికార్డు చేసింది వినిపించాడు. పెద్దకొడుకు కొడుకుని పిలుస్తున్నాడు. 'రా నాన్నా' అనాలి. 'రె నెన్నె' అంటున్నాడు. పదకొండుమంది బల్ల దగ్గర ఎవరో మూతికి చెయ్యి అడ్డంపెట్టి మాట్లాడించినట్టుంది. నోరు తెరవబోయాను. ఒకచోటికి వచ్చి ఆగిపోయింది. ఇంకా తెరుద్దామంటే చెవి ముందు సూది గుచ్చినట్టు పోటు. సంగీతంలో తాళం తప్పితే గురువు కొడతాడు. నాకు తాళం తప్పలేదు. తాళం పడింది.

ప్రొడ్యూసర్ వచ్చి విన్నాడు. మంచివాడే. చెడ్డవార్తని మర్యాదగా చెప్పే మంచివాడు.

"గురువుగారూ, విడుదల తేదీ ఖరారైపోయింది. నాలుగు వారాలు ఆగగలను. ఆ తర్వాత వేరే గొంతు పెట్టాల్సొస్తుంది."

"మిగిలిన మూడో సంపుటానికేగా?"

"ఒక పుస్తకానికి రెండు గొంతులు ఎలా కుదుర్తాయండీ. మొదట్నుంచీ."

అంటే పదకొండుమందినీ చెరిపేస్తారు. బల్ల అదే, అన్నం అదే, తినేవాళ్ళు వేరు. నేను ఏదో శ్లేష వేయబోయాను. నోరు రాలేదు. నోరు రాకపోవడం నా జీవితంలో అది మొదటిసారి.

ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పళ్ళు అరిగాయి గానీ పుచ్చలేదు, చీము లేదు, మీ సమస్య పంటిది కాదన్నాడు. దవడలకి ప్రత్యేకంగా వ్యాయామం చేయించే ఫిజియో ఒకావిడ ఉందని చీటీ రాసిచ్చాడు. స్టూడియోలో చెప్పి ఆవిడ దగ్గరికి వెళ్ళబోతుంటే చెవులాయన గాజు పక్కనుంచి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టి, మళ్ళీ గాజు వెనక్కి పోయాడు. చూస్తే టక్కుల కాగితాలు, పదమూడు పేజీలు.

ఫిజియో డాక్టరమ్మకి నలభై ఏళ్ళుంటాయి. గదిలో ఒక మంచం, ఒక అద్దం, బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె. ముందు ప్రశ్నలు: దెబ్బ తగిలిందా, జ్వరం ఉందా, వాపుందా, మొహం మొద్దుబారిందా. ఏమీ లేవన్నాను.

"ఏదో ఒకటి ఉందంటే ఈ వ్యాయామాలు పక్కన పెట్టి వెంటనే వేరే డాక్టరుకి పంపేదాన్ని. సరే, మీ వేళ్ళు మూడు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి నోట్లో పెట్టుకోండి."

ఒకటి పోయింది. రెండోది సగంలో ఇరుక్కుంది.

ఆవిడ చిన్న స్కేలు పెట్టి చూసింది. "ఇరవయ్యారు మిల్లీమీటర్లు. మామూలుగా నలభై దాటుతుంది. నొప్పి ఎక్కడో చూపించండి."

ఎడమవైపు చూపుడువేలు పెట్టాను, చెవి ముందు, సరిగ్గా టక్కు ఉండే ఇంటి గుమ్మంలో. కుడివైపు మాత్రం అరచెయ్యి మొత్తం పెట్టాల్సొచ్చింది. బుగ్గ, కణత, అంతా ఒకటే సలుపు.

"చూశారా, మీరే సగం చెప్పేశారు. ఒక్క వేలుతో చూపించేది తరచు కీలు. అరచేత్తో చూపించేది తరచు కండరం. తరచు అన్నాను, ఎప్పుడూ అనలేదు."

"కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు," అన్నాను ఇరవయ్యారు మిల్లీమీటర్లలోంచి.

"వాత వద్దులెండి, తడి టవలు చాలు. పళ్ళు గట్టిగా బిగించండి."

బిగిస్తే బుగ్గల్లో రెండు గడ్డల్లా కండరాలు పొంగాయి. కుడిదాన్ని వేలితో నొక్కింది. నా సలుపు అక్కడే బయటపడింది, కణతదాకా పాకింది.

"ఇది మీకు రోజూ తెలిసిన నొప్పేనా?"

"పాత మిత్రుడే. పొద్దున లేవగానే ఎక్కువ."

"అయితే కుడివైపు కండరం. నిద్రలో బిగిస్తున్నారు. ఇప్పుడు ఎడమది చూద్దాం." చేతితొడుగు వేసుకుని, నా పైపళ్ళ మీద బొటనవేలు, కిందిపళ్ళ మీద ఇంకో వేలు పెట్టి, పసిపిల్లని లేపినంత మెల్లగా తెరిచింది. "కండరం పట్టేసి నోరు రాకపోతే, ఇలా ఓపిగ్గా పట్టుకున్నప్పుడు రబ్బరులా ఇంకాస్త సాగుతుంది. మీది సాగట్లేదు. గడియ పెట్టిన తలుపులా ఒక్కచోటే ఆగుతోంది. అద్దంలో చూడండి."

అద్దంలో నా గడ్డం తెరుచుకుంటూ ఎడమపక్కకి పోయి అక్కడే నిలబడింది. తర్వాత కింది దవడని పక్కలకి జరపమంది. ఎడమకి హాయిగా పోయింది. కుడికి పోనంది.

ఆవిడ పుర్రెని చేతిలోకి తీసుకుంది.

"ఇక్కడ ఎముకకీ ఎముకకీ మధ్య చిన్న మెత్త ఉంటుంది. మీ ఎడమవైపు అది ముందుకి జారింది. మీరు నోరు తెరిచినప్పుడల్లా ఎముక దాని మీదకి ఎక్కేది, టక్. మూసినప్పుడు దిగేది, టక్. నొప్పి లేకుండా, నోరు ఆగకుండా ఉన్నంతకాలం దానికి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. చాలామందికి ఉంటుంది."

"నాకిప్పుడు అది లేదు కదండీ."

"లేదు. ఎందుకంటే ఎముక ఇప్పుడు ఎక్కలేకపోతోంది. మెత్త అడ్డంపడి ఆపేస్తోంది. టక్కు ఆగితే నయమైందనుకున్నారు. టక్కు ఆగి నోరు తగ్గితే, అది తాళం."

చెవులాయన కాగితాలు ఇచ్చాను. ఆవిడ చదువుతూ చదువుతూ నిఠారుగా కూర్చుంది.

"ఎవరు రాశారివి?"

"మా ఇంజనీరు. మాట్లాడడు."

"మాట్లాడక్కర్లేదు. ఇక్కడ చూడండి, రెండేళ్ళు వట్టి టక్కులే. ఇక్కణ్ణుంచి 'ఆగారు' అని ఉంది, వారానికొకటి. ఇక్కడ రోజుకి మూడు. ఆ సోమవారం నుంచి ఏమీ లేదు. ఈ 'ఆగారు'లు మొదలైనప్పుడు ఏం చేశారు?"

బిరడా గురించి చెప్పాను. ఆవిడ కాసేపు పుర్రెనే చూసింది. పుర్రె నావైపు చూసింది. ఇద్దరికీ నామీద ఒకే అభిప్రాయం ఉన్నట్టుంది.

"సరే. ఇప్పుడు మాట్లాడకుండా ఉన్నారు కదా. పళ్ళు ఎక్కడున్నాయి?"

"నోట్లోనే ఉన్నాయండి."

"పైవీ కిందవీ తగులుతున్నాయా?"

"తగలకుండా ఎక్కడ దాచుకోవాలి?"

"దూరంగా. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్ళు తగలకూడదు. రోజంతా కలిపినా కొద్ది నిమిషాలే. మీరు 'ల' అనబోయి ఆగండి. నాలుక కొస ఎక్కడుంది?"

పైపళ్ళ వెనక గట్టు మీద ఉంది. యాభై ఏళ్ళు 'ల' అంటూ బతికినవాణ్ణి, ఆ గుణింతం గుట్టు ఇప్పుడు తెలిసింది.

"దాని ఇల్లు అదే. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక అక్కడ తేలిగ్గా ఆనాలి. మాట్లాడేటప్పుడు ఎలాగూ పళ్ళు విడిగానే ఉంటాయి. గంటలు గంటలు మాట లేకుండా కూర్చున్నప్పుడు తెలీకుండా బిగుసుకుంటాయి. ఇంట్లో ఎవరున్నారు మీతో?"

"నేనున్నాను."

"ఇంకా?"

"టక్కు ఉండేది."

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసింది.

వ్యాయామాలు చూపించింది. ముందు తడిపి పిండిన వేడి టవలు, ఒళ్ళు కాలనంత వేడి, రెండు బుగ్గల మీదా పది నిమిషాలు. తర్వాత వేళ్ళతో బుగ్గ కండరం మీద చిన్న చిన్న సున్నాలు. తర్వాత నాలుక ఆ గట్టు మీదే ఉంచి, అది జారనంత మేరకే నోరు నెమ్మదిగా తెరవడం, మూయడం, ఆరుసార్లు. తర్వాత దవడని కుడికీ ఎడమకీ కొద్దిగా, వచ్చినంతే. ఇలా రోజుకి ఆరు విడతలు. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి, నాలుక అంగిలికి పెట్టి. మెత్తగా ఉడికినవే తినాలి, చిన్న ముక్కలు చేసుకుని, రెండువైపులా నమలాలి. లాగుతున్నట్టుంటే పర్లేదు. పోటు వస్తే ఆపాలి. చేశాక నొప్పి గంటలకొద్దీ మిగిలితే మర్నాడు తగ్గించి చేయాలి.

"తెరిచేటప్పుడు గడ్డం తిన్నగా రావాలి, పక్కకి పోకూడదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చూసి చెబితే మంచిది."

"అద్దం ఉందండి."

"అద్దం చాలు," అందావిడ, ఒక క్షణం ఆగి.

"నాలుగు వారాల్లో తెరుచుకుంటుందా?"

"మాటివ్వలేను. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో మెల్లగా వస్తుంది. మెత్త తన చోటికి రాకపోవచ్చు, దాని వెనకున్న కండ అలవాటు పడి ఆ పని చేస్తుంది. రాకపోతే స్కాన్ తీయించి పెద్ద డాక్టర్లకి చూపిద్దాం. బలవంతంగా తెరిస్తే మాత్రం నా వైద్యమూ మీ పుస్తకమూ రెండూ పోతాయి. ఇంకోటి, జోకులు సగం తగ్గించండి."

"అది కండరమా, కీలా అండీ?"

"అది అలవాటు."

ఇంట్లో అద్దం ముందు కుర్చీ వేసుకున్నాను. కుర్చీ మీది బట్టలు తీసి రెండో కుర్చీ మీద పడేశాను. ఆవిడ వెళ్ళిపోయిన ఈ ఏడేళ్ళుగా అద్దంలో నేను గడ్డం చూశాను, అదీ గీసుకోవడానికి. మొహం చూడలేదు. రోజుకి ఆరుసార్లు చూడాల్సొచ్చేసరికి ఎవరో దూరపు బంధువు ఇంటికొచ్చి కూర్చున్నట్టుండేది. మాట్లాడడు. నోరు మాత్రం తెరుస్తాడు, ఎడమకి పోతాడు, మూస్తాడు. గోడలకి, ఫ్రిజ్‌కి, కిటికీకి 'పళ్ళు' అని చీటీలు అంటించాను. ఆ చీటీ చూసినప్పుడల్లా పళ్ళు బిగుసుకునే ఉండేవి. ఎవరి మీద కోపమో తెలియదు. ఇంట్లో ఎవరూ లేరు మరి, కోపానికైనా.

పదోరోజుకి ఇరవై తొమ్మిది. ఆ రోజే ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు. ఒక కుర్ర వాచకుణ్ణి పిలిపించి నమూనా విన్నాడట; ఊరికే, ముందుజాగ్రత్తకి. "పెద్దకొడుకుని బాగా చేశాడండీ" అన్నాడు, నాకు సంతోషం కలిగించే విషయంలా.

ఫోన్ పెట్టేసి సొరుగు తెరిచాను. బిరడా అక్కడే ఉంది. చిన్నదే. పళ్ళ మధ్య పెట్టి, దవడని చేత్తో లాగి, పెద్దకొడుకు మాట ఒకటి చదివాను. రెండోది చదివేలోపు చెవిలో మెరుపు మెరిసింది. బల్ల పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుని అద్దంలో చూస్తే గడ్డం మళ్ళీ ఎడమగోడ దగ్గర. ఇరవై ఐదు.

మర్నాడు డాక్టరమ్మ బల్ల మీద బిరడా పెట్టాను. ఆవిడ దాన్ని తీసి చెత్తబుట్టలో వేసింది. మూడు రోజులు వ్యాయామం సగానికి తగ్గించింది, టవలు పెంచింది.

"లోపల అలిగింది," అంది. "అలిగినదాన్ని చెయ్యి పట్టి లాగుతామా?"

నాకు ఆ వాక్యం ఆవిడ అనుకున్నదానికంటే చాలా దూరం వెళ్ళి తగిలింది. పధ్నాలుగేళ్ళు నేను చేసింది అదే. నా భార్య మాట్లాడకపోతే జోకుతో లాగాను. నోరు తెరవకపోతే ఇంకో జోకు. బిరడా సైజు పెంచుతూ పోయాను.

స్టూడియోకి వెళ్ళి చెవులాయనతో చెప్పాను. నా వల్ల కాదు, ఆ కుర్రగొంతుకే ఇచ్చేయమని చెప్పండి అన్నాను. ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

"నానమ్మకి పళ్ళు లేవు కదా," అన్నాడాయన.

"అయితే?"

"ఆవిడ నోరు తెరవదు. ఆవిడ మాటలన్నీ ముందు చేద్దాం. గుసగుసలు. చిన్నకోడలు. పెద్దకొడుకు చివర్న."

పన్నెండేళ్ళలో ఆయన మాట్లాడిన అతి పెద్ద ప్రసంగం అది. అవతలి బల్ల మీద మూడో సంపుటం విప్పి ఉంది. నానమ్మ మాటలకి పసుపు, గుసగుసలకి ఆకుపచ్చ, అప్పటికే గీతలు గీసేసి ఉన్నాయి. ఎప్పుడు గీశాడో.

అలా మొదలైంది. పదిహేను నిమిషాలు చదవడం, అయిదు నిమిషాలు మానడం. పళ్ళు లేని ముసలావిడ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతుంది. ఎదుట ఎవరూ ఉండరు, వాళ్ళ జవాబులు తర్వాత అతికిస్తారు. చిన్న నోటితో, తక్కువ గాలితో, గట్టిగా మాట్లాడకుండా. ఆవిడ నాకు బాగా అలవాటైంది. విరామంలో ఊరికే కూర్చుంటే ఎర్ర లైటు వెలిగేది.

"పళ్ళు."

నేను ఉలిక్కిపడి చూసుకుంటే బిగించే ఉండేవాణ్ణి. పళ్ళు తగిలిన చప్పుడు మైకులో వినపడుతుందట. ఆయన మాటల పట్టికలో అది నాలుగోది. ఇంట్లో చీటీలు చేయలేని పని అది చేసింది.

ఇరవై ఎనిమిది. ముప్ఫయ్యొకటి. కుడి బుగ్గ సలుపు ముందు తగ్గింది. కండరం కదా, మాట వింటుంది. కీలు మాత్రం తన తీరిక ప్రకారం వచ్చింది. నాలుగో వారం చివర స్కేలు పెట్టి డాక్టరమ్మ ముప్ఫై అయిదు అంది. రెండున్నర వేళ్ళు. గడ్డం ఇంకా చివర్లో వెంట్రుకవాసి ఎడమకి చూస్తోంది, పాత స్నేహం మర్చిపోలేక.

"మూడో వేలు?"

"వస్తుంది, రాకపోవచ్చు. వ్యాయామం మానకండి. మీరు తినగలుగుతున్నారు, మాట్లాడుతున్నారు, నొప్పి లేదు. కొలతకంటే అవి ముఖ్యం."

"టక్కు?"

"బహుశా ఇక రాదు." కొంచెం మెత్తగా చెప్పింది, ఎందుకో.

గడువు ఆఖరిరోజు పెద్దకొడుకు పేజీలు పెట్టుకున్నాం. చివరి అధ్యాయంలో వాడు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఇంటికి తిరిగొస్తాడు. బల్ల ఉంటుంది. ఎవరూ ఉండరు. గుమ్మంలో నిలబడి 'అమ్మా' అని కేకేస్తాడు. మొదటి సంపుటంలో వాడి కేక రికార్డు చేసినప్పుడు స్పాంజి గోడలు అదిరాయి. ఇప్పుడు నా దగ్గరున్నది రెండున్నర వేళ్ళు. ప్రొడ్యూసర్ గాజు అవతల చెవులాయన వెనకాల నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

లోపల ఇంకో అరవేలు ఎక్కడో ఉందనిపించింది. లాగితే వస్తుందేమో. బిరడా లేకపోయినా బిరడాలాంటి బుద్ధి ఉంటుంది కదా మనిషికి. నాలుకని దాని ఇంటికి పంపాను. పళ్ళు విడిగా. అద్దం లేదు, గాజులో నా మొహం లీలగా కనిపిస్తోంది. వచ్చినంతే తెరిచాను.

"అమ్మా."

గోడలు అదరలేదు. కేక గుమ్మం దాటి బల్లదాకా వెళ్ళి ఆగింది.

చెవులాయన 'మళ్ళీ' అంటాడని ఎదురుచూశాను. ప్రొడ్యూసర్ వంగి ఏదో అడిగాడు. చెవులాయన తల అడ్డంగా ఊపాడు. లైటు వెలిగింది.

"ఉంచుదాం. వాడు ముసలాడైపోయాడు కదా."

ప్రొడ్యూసర్ బొటనవేలు పైకెత్తి చూపించి, ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. పుస్తకం అయిపోయింది, నా గొంతుతోనే. నేను కాగితాలు సర్దుకుంటుంటే మళ్ళీ లైటు వెలిగింది.

"మీ టక్కులు. కత్తిరించినవన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. నాలుగొందల పన్నెండు. చెరిపేయనా?"

"ఉంచండి," అన్నాను. "ఎప్పుడైనా భోజనానికి పిలుద్దాం."

ఆయన నవ్వాడో లేదో గాజులోంచి తెలియలేదు. లైటు మాత్రం వెంటనే ఆరలేదు. ఆయన కుర్చీ కదిలిన చప్పుడు, ఊపిరి పీల్చుకున్న చప్పుడు, ఏదో అనబోతున్న మనిషి నిశ్శబ్దం విన్నాను. ఈసారి ఆ ఖాళీలోకి నేను జోకు తోయలేదు. పళ్ళు విడిగా పెట్టుకుని ఆగాను. కాసేపటికి లైటు ఆరిపోయింది. ఆయన వంతు ఆయనకి ఇచ్చాను; వాడుకోలేదు, అంతే.

ఇంటికి వచ్చేసరికి మూడు. కూరముక్కలు మెత్తగా ఉడికించుకుని, చిన్నగా చేసుకుని, రెండువైపులా నమిలి తిన్నాను. బల్ల దగ్గర పదకొండుమందీ లేరు, పన్నెండోదైన టక్కూ లేదు. టవలు వేడినీళ్ళలో ముంచి పిండి బుగ్గలకి పెట్టుకున్నాను. పది నిమిషాల తర్వాత అద్దం ముందు కూర్చుని, నాలుక గట్టుకి ఆనించి, నోరు మెల్లగా తెరిచాను. ఒకటి. రెండు. ఆరోసారి గడ్డం వెంట్రుకవాసి కూడా ఎటూ జరగలేదు.

ఎవరైనా చూసి చెబితే మంచిదని కదా ఆవిడ అంది.

"తిన్నగానే వచ్చింది," అన్నాను.

అద్దంలో ఉన్నాయన కూడా అదే మాట అన్నాడు, నాతోపాటే. వంతు కోసం ఆగలేదు.